యాపిల్ ముక్క తెల్లగానే ఉంది, మరి తినొచ్చా?

వంకాయలు తరగబోయే ముందు మన ఇళ్లలో గిన్నెడు ఉప్పు నీళ్లు పక్కన పెట్టుకుంటారు. అరటికాయ ముక్కలైతే పల్చటి మజ్జిగలో వేస్తారు. అరటిపువ్వు బాగుచేసేటప్పుడూ అంతే, తరిగినది తరిగినట్టు మజ్జిగ నీళ్లలో పడాల్సిందే. ఎందుకంటే ముక్క కనరెక్కకూడదు. అదే ఇంట్లో యాపిల్ కోసినప్పుడు మాత్రం ముక్కలు పళ్లెంలో ఊరికే పరిచేస్తారు. కాసేపటికి అవి గోధుమరంగుకు తిరుగుతాయి. పిల్లలేమో పాడైపోయిందని పక్కకు నెట్టేస్తారు. పెద్దవాళ్లేమో అందులో ఇనుము ఉంది కాబట్టే ఎర్రబడింది, ఒంటికి మంచిదని నచ్చజెప్పి తినిపిస్తారు.

ఈ రెండు మాటలూ సరికావు. యాపిల్‌లో ఇనుము చాలా తక్కువ, రంగు మారడానికి దానితో సంబంధం లేదు. రంగు మారిన ముక్క పాడైనట్టూ కాదు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. నిమ్మరసం పూసి తెల్లగా నిలబెట్టిన ముక్క నాలుగు గంటల తర్వాత కూడా తినడానికి భద్రమేనని చాలామంది నమ్ముతారు. కోసిన పండులో రెండు గడియారాలు విడివిడిగా నడుస్తుంటాయి. ఒకటి రంగుది, ఇంకొకటి సూక్ష్మజీవులది. మొదటిదాన్ని ఆపినంత మాత్రాన రెండోది ఆగదు.

ముందు రంగు సంగతి చూద్దాం. యాపిల్ కండలో ఫినాల్స్ అనే పదార్థాలు ఉంటాయి. వగరు రుచికి కొంతవరకు ఇవే కారణం. అదే కండలో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కూడా ఉంటుంది. పండు కోయనంతసేపూ ఈ రెండూ ఒకే కణంలో వేర్వేరు అరల్లో ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి తాకవు. కత్తి దిగగానే ఆ అరలు చిట్లిపోతాయి. ఫినాల్స్, ఎంజైమ్ కలుస్తాయి. పైనుంచి గాలిలోని ఆక్సిజన్ అందుతుంది. ఎంజైమ్ ఆ ఆక్సిజన్‌ను ఉపయోగించి ఫినాల్స్‌ను క్వినోన్స్‌గా మారుస్తుంది. క్వినోన్స్ ఒకదానికొకటి అతుక్కుంటూ పోయి చివరికి గోధుమరంగు పదార్థంగా తేలతాయి. యాపిల్ నేలమీద పడి దెబ్బతిన్నచోట, కోయకుండానే లోపల మచ్చ కట్టడానికి కారణం కూడా ఇదే.

పచ్చి తేయాకు నలిపి గాలికి ఆరబెడితే నల్లటి టీపొడి రంగు వచ్చేది కూడా ఈ ఎంజైమ్ చలవే. రోజూ పొద్దున్నే మనం ఇష్టంగా తాగే రంగు అది. కాబట్టి యాపిల్ మీద గోధుమరంగు చూసి భయపడక్కర్లేదు. రుచి కాస్త చప్పబడుతుంది, విటమిన్ సి కొంత తగ్గుతుంది, చూడ్డానికి బాగుండదు, అంతే.

ఇక ఆపడం ఎలాగంటే, ఈ పని జరగడానికి కావలసినవాటిలో ఏదో ఒకటి అందకుండా చేయాలి. ఈ ఎంజైమ్‌కు పులుపు గిట్టదు. పుల్లదనం బాగా పెరిగితే దాని పని దాదాపు ఆగిపోతుంది. నిమ్మరసం పనికొచ్చేది మొదట ఇందుకే. పైగా ఎంజైమ్ గుండెకాయలాంటి చోట రాగి ఉంటుంది, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఆ రాగిని పట్టి లాగుతుంది. నిమ్మలో విటమిన్ సి కూడా ఉంది. అది మరో దారిలో పనిచేస్తుంది, ఏర్పడిన క్వినోన్స్‌ను తిరిగి వెనక్కి, రంగులేని ఫినాల్స్‌గా మార్చేస్తుంది. అయితే ఆ క్రమంలో విటమిన్ సి ఖర్చవుతూ ఉంటుంది. అది అయిపోయాక రంగు మళ్లీ మొదలవుతుంది. నిమ్మరసం పూసిన ముక్కలు కొన్ని గంటలు బాగుండి, ఆ తర్వాత అంచుల నుంచి రంగు తిరగడం మనం చూసేది ఇందుకే. మజ్జిగలో అరటికాయ వేయడంలోనూ పులుపు సూత్రమే ఉంది. ఉప్పులోని క్లోరైడ్ కూడా ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. మన వంకాయ ఉప్పు నీళ్లకు శాస్త్రం కూడా అదే మాట చెబుతుంది.

యాపిల్‌కు నన్నడిగితే ఈ ఉప్పు నీళ్లే ఉత్తమం. నిమ్మరసంతో వచ్చే చిక్కు రుచి. తీపి యాపిల్ పుల్లబడితే పిల్లలు వెంటనే పట్టేస్తారు. ఉప్పు నీళ్ల కొలత ఇది: పావు లీటరు నీళ్లకు అర టీస్పూను ఉప్పు. ఒక మాదిరి యాపిల్ ఎనిమిది ముక్కలు చేస్తే అవి మునగడానికి అర లీటరు నీళ్లు కావాలి, అంటే టీస్పూను ఉప్పు. ముందు ఉప్పు పూర్తిగా కరిగించి, చల్లటి నీళ్లలో గిన్నె సిద్ధంగా పెట్టుకుని, ఆ తర్వాతే కత్తి పట్టుకోండి. ఒక్కో ముక్క కోసింది కోసినట్టు నీళ్లలో పడాలి. ముక్కలు తేలుతాయి కాబట్టి పైన చిన్న పళ్లెం బోర్లించాలి, లేకపోతే నీటిపైన మిగిలిన భాగం రంగు మారుతుంది. పది నిమిషాలు చాలు. తర్వాత తాగే నీళ్లతో ఒకసారి కడిగి, శుభ్రమైన గుడ్డమీద తడి ఆరేలా వేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సర్దాలి. ఇలా చేసిన ముక్కల్లో ఉప్పదనం దాదాపు తెలియదు. గంటసేపు నానబెడితే మాత్రం తెలుస్తుంది, ముక్క మెత్తబడుతుంది కూడా.

నిమ్మ వాడాలనుకుంటే పావు లీటరు నీళ్లకు పెద్ద చెంచాడు రసం కలిపి అయిదు నిమిషాలు ముంచి తీయండి. నిమ్మచెక్క నేరుగా ముక్కలమీద పిండితే రసం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. తగలని చోట గోధుమరంగు చారలు తేలతాయి. రుచి ఏమాత్రం మారకూడదంటే విటమిన్ సి మాత్ర మంచి దారి. 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండు పొడిచేసి లీటరు నీళ్లలో కరిగిస్తే సరిపోతుంది. మందుల షాపులో ఎక్కువగా దొరికే చప్పరించే మాత్రల్లో నారింజ రంగు, వాసన, చక్కెర ఉంటాయి. ముక్కకు ఆ రంగు అంటుతుంది కాబట్టి రంగు లేని మాత్ర అడిగి తీసుకోవాలి. విదేశాల్లో పొట్లాల్లో అమ్మే కోసిన యాపిల్ ముక్కలు రోజుల తరబడి తెల్లగా ఉండటం వెనక ఉన్నది కూడా ఈ విటమిన్ సి కుటుంబానికి చెందిన కాల్షియం ఆస్కార్బేటే. అందులోని కాల్షియం ముక్కను గట్టిగా, కరకరలాడేలా ఉంచుతుంది.

ఏమీ కలపని మంచినీళ్లలో వేస్తే గాలి తగలదు కాబట్టి నీళ్లలో ఉన్నంతసేపూ కొంత ఆగుతుంది. బయటకు తీయగానే మళ్లీ మొదలు. ముక్కలన్నీ తిరిగి పండులా దగ్గరకు చేర్చి రబ్బరు బ్యాండు వేసే పద్ధతి ఒకటుంది. కోసిన ముఖాలు ఒకదానికొకటి అంటుకుని గాలి అందదు కాబట్టి రెండు మూడు గంటలు అది కూడా బాగానే పనిచేస్తుంది. కత్తి పదును కూడా లెక్కలోకి వస్తుంది. మొద్దు కత్తి కోయడం కన్నా నలపడం ఎక్కువ చేస్తుంది, నలిగిన కొద్దీ ఎక్కువ కణాలు చిట్లుతాయి.

అసలు ఆ ఎంజైమే దాదాపు లేని యాపిల్‌ను కూడా తయారుచేశారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు చెందిన ఒక సంస్థ ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువుల నోరు నొక్కి ఆర్కిటిక్ అనే యాపిల్‌ను రూపొందించింది. 2015లో అమెరికా, కెనడా రెండూ దానికి అనుమతిచ్చాయి. అది కోసి ఉంచినా తెల్లగానే ఉంటుంది. కానీ దాన్ని కూడా మిగతా కోసిన పండ్లలాగే ఫ్రిజ్‌లో పెట్టి అమ్మాల్సిందే. కారణం ఆ రెండో గడియారం.

అరటిపండు ఇంకాస్త మొండిది. ఇందులో రంగు మారడానికి ముడిసరుకు ముఖ్యంగా డోపమైన్, మెదడుకు సంబంధించి మనం వినే ఆ డోపమైనే. పండు కండ మెత్తన, కోస్తే తేలిగ్గా నలుగుతుంది. నీళ్లలో ముంచితే జారుడుగా, పేస్టులా తయారవుతుంది. కాబట్టి నానబెట్టే పద్ధతులు దీనికి పనికిరావు. కమలారసమో పైనాపిల్ రసమో చెంచాతో వేసి, ముక్కలు చిదక్కుండా గిన్నెను ఊపి అంతటా అంటేలా చేయడం మేలు. పెరుగులో వేసినా నయమే, పులుపూ అందుతుంది, గాలీ తగలదు. ఫ్రూట్ సలాడ్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, మిగతా పండ్లన్నీ ముందే కోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, అరటిపండు మాత్రం గిన్నె బల్ల మీదికి వచ్చే నిమిషంలో కోయండి. తొక్కతో ఉన్న పండు ఫ్రిజ్‌లో నల్లబడితే అది చలికి తొక్క కణాలు దెబ్బతినడం వల్ల. 13 డిగ్రీల కన్నా తక్కువ చలిని అరటిపండు తట్టుకోలేదు. తొక్క నల్లబడినా బాగా పండిన పండైతే లోపలి కండ చాలావరకు బాగానే ఉంటుంది. పండని కాయను ఫ్రిజ్‌లో పెడితే మాత్రం తర్వాత సరిగ్గా పండదు.

అవకాడో, మన బజారులో బటర్‌ఫ్రూట్ అని అడిగితే ఇచ్చేది, ఈ మధ్య నగరాల్లో విరివిగా కనిపిస్తోంది. ధర ఎక్కువ కాబట్టి ఒక పూట సగం తిని సగం దాచేవాళ్లే ఎక్కువ. గింజ తీయకుండా ఉంచితే రంగు మారదని ఒక నమ్మకం ఉంది. గింజ కింద ఉన్న భాగం మారని మాట నిజమే, అక్కడ గాలి తగలదు కాబట్టి. దాని చుట్టూ ఉన్న కండ మామూలుగానే నల్లబడుతుంది. చేయాల్సింది, కోసిన ముఖమంతా పల్చగా నిమ్మరసం రాసి, పల్చటి ప్లాస్టిక్ కవరును కండకు అంటుకునేలా మధ్యలో గాలి బుడగ లేకుండా నొక్కి చుట్టి ఫ్రిజ్‌లో పెట్టడం. గింజ పోయిన గుంటలో కూడా కవరు అడుగుదాకా అంటాలి, సాధారణంగా నల్లబడేది అక్కడే. చిదిమిన అవకాడో అయితే గిన్నెలో చెంచాతో చదును చేసి, దానిమీదే కవరు పరిచి నొక్కాలి. మర్నాటికి పైన పల్చటి గోధుమ పొర వస్తే చెంచాతో గీకి తీసేస్తే కింద ఆకుపచ్చ కండ ఉంటుంది.

ఇంకో చిట్కా సోషల్ మీడియాలో కొన్నేళ్ల కిందట బాగా తిరిగింది. అవకాడోను నీళ్ల డబ్బాలో ముంచి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి తాజాగా ఉంటుందని. రంగు వరకు అది నిజమే. అందుకే అది ప్రమాదం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో అలా చేయవద్దని హెచ్చరించింది. తొక్కమీద ఉండే లిస్టీరియా, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఆ నీళ్లలో పెరిగి కండలోకి చేరే అవకాశం ఉందని చెప్పింది. అదే సంస్థ అంతకుముందు అవకాడోలను పరీక్షించినప్పుడు తొక్క నమూనాల్లో 17 శాతానికి పైగా లిస్టీరియా మోనోసైటోజెనెస్ కనిపించింది. కండ నమూనాల్లో ఒక శాతం కూడా లేదు. అంటే సమస్య తొక్క మీద ఉంది, దాన్ని లోపలికి మోసుకెళ్లేది మన కత్తి. తొక్క పారేసే పండే కదా అని కడక్కుండా కోయడం ఇందుకే తప్పు. పుచ్చకాయ, బొప్పాయి, కర్బూజా అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, పండును పారే నీళ్లకింద రుద్ది కడిగి, తుడిచి, ఆ తర్వాత కోయాలి.

సూక్ష్మజీవుల గడియారం అక్కడి నుంచి, అంటే కత్తి దిగిన క్షణం నుంచి నడవడం మొదలవుతుంది. తొక్క అనే గోడ పోయింది, తీపి రసం బయటకొచ్చింది. 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు ఉన్న వేడిలో బ్యాక్టీరియా చురుగ్గా పెరుగుతుంది. కోసిన పండు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదని, చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే గంటకు మించకూడదని అమెరికా ఆహార భద్రతా సంస్థలు చెప్పే నియమం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 డిగ్రీలు ఉంటుంది కాబట్టి మనకు వేసవంతా ఆ గంట లెక్కే వర్తిస్తుంది. బయట ఉంచిన సమయమంతా కలిపి లెక్కేయాలి. పొద్దున అరగంట బల్ల మీద ఉండి, ఫ్రిజ్‌లోకి వెళ్లి, మధ్యాహ్నం మళ్లీ అరగంట బయట ఉంటే గంట అయిపోయినట్టే.

పండ్లన్నీ ఒక్కలాంటివి కావన్నది కూడా చెప్పాలి. పుల్లటి పండ్లలో బ్యాక్టీరియా పెరగడం కష్టం. యాపిల్ చాలావరకు ఆ కోవలోకి వస్తుంది. అరటిపండు అంత పుల్లన కాదు. పుచ్చకాయ, బొప్పాయి, కర్బూజా, అవకాడో పులుపు దాదాపు లేనివి. వీటి ముక్కలు బ్యాక్టీరియాకు మంచి మేత. యాపిల్‌ను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. 2014 చివర్లో అమెరికాలో పుల్ల గుచ్చి, పైన చక్కెర పాకం పూత పూసిన యాపిల్స్ తిని లిస్టీరియాతో జనం జబ్బుపడ్డారు. పుల్ల దిగినచోట కారిన రసం, దానిమీద పాకం పూత కలిసి బ్యాక్టీరియాకు చోటిచ్చాయి. నిమ్మరసం ఆ పనిని పూర్తిగా ఆపలేదా అంటే ఆపలేదు. పైపైన రాసిన చెంచాడు రసం ముక్క మొత్తాన్ని పుల్లగా మార్చదు.

ఇప్పుడు అమ్మలందరికీ తెలిసిన లెక్క ఒకటి వేసి చూద్దాం. జూన్ నెల, విజయవాడ. బడి తెరిచారు, బయట 36 డిగ్రీలు. ఏడున్నరకు యాపిల్ కోసి డబ్బాలో పెట్టారు, పాప భోజనం పన్నెండున్నరకు. మధ్య అయిదు గంటలు. ఉప్పు నీళ్లలో ముంచారు కాబట్టి ముక్కలు తెల్లగానే ఉంటాయి, కాబట్టి పాప సంతోషంగా తింటుంది. నియమం ప్రకారం గంట దాటితే తినకూడదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు అయిదు గంటల యాపిల్ ముక్క వల్ల ఏదో జరిగి తీరుతుందని నేను అనను. కానీ రోజూ చేసే పనిలో ఆ పందెం ఎందుకు కాయాలి? పిల్ల పళ్లు గట్టిపడితే కడిగి తుడిచిన యాపిల్ పూర్తిగా పెట్టండి. లేదంటే చిన్న అరటిపండు, తొక్కతో. కమలా, ద్రాక్ష కూడా ఉన్నాయి, ద్రాక్ష మాత్రం చిన్నపిల్లలకు గొంతులో అడ్డం పడకుండా నిలువుగా కోసే ఇవ్వాలి, కాబట్టి అది ఇంట్లోనే మంచిది.

కోసిన ముక్కలే కావాలంటే ముందురోజు రాత్రే ఉప్పు నీళ్ల పని ముగించి డబ్బాను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున వేడి నిలుపుకునే గుడ్డ సంచిలో, పూర్తిగా గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌కు ఆనించి పెట్టండి. వేడి అన్నం డబ్బా అదే సంచిలో పెట్టకండి, ఐస్ త్వరగా కరిగిపోతుంది. ఇది సరిపోతోందో లేదో తెలుసుకోవడం సులువే. మధ్యాహ్నం తెరిచినప్పుడు ఐస్ ప్యాక్‌లో ఇంకా గట్టి భాగం మిగిలి, డబ్బా ముట్టుకుంటే చల్లగా ఉండాలి. సెలవురోజు ఇంట్లోనే అయిదు గంటలు ఉంచి ఒకసారి చూసుకోవచ్చు. బొప్పాయి, పుచ్చకాయ, అవకాడో ముక్కలు మాత్రం ఐస్ లేకుండా బడికి పంపొద్దని గట్టిగా చెబుతాను. బండి మీద మూత లేకుండా పేర్చి అమ్మే పుచ్చ, బొప్పాయి ముక్కలైతే ఎప్పుడు కోశారో మనకు తెలియదు. మన కళ్లముందు కోసి ఇచ్చే బండి దగ్గరే కొనండి, అక్కడే తినేయండి. ఐస్ గడ్డల మీద పేర్చినవి చల్లగా కనిపిస్తాయి, ఆ ఐస్ ఏ నీళ్లతో చేశారన్నది వేరే ప్రశ్న.

ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచిన కోసిన పండ్లను మూడు, నాలుగు రోజుల్లోపు ముగించాలి. ఫ్రిజ్ 4 డిగ్రీలకు మించకుండా ఉండాలి, తలుపు అరలో కాకుండా లోపలి అరలో పెట్టాలి. లిస్టీరియా చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే గర్భిణులకు, పెద్ద వయసువాళ్లకు పెట్టే ముక్కలు ఆ రోజు కోసినవే అయితే మంచిది. ముక్కలు జిగురుగా తగిలినా, అడుగున పల్చటి రసం నురగ కట్టినా, పులిసిన కల్లు వాసన వచ్చినా పారేయాలి. ఈ గుర్తులన్నీ పండును కుళ్లబెట్టే వాటివి. జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకు రంగు, వాసన, జిగురు ఏదీ ఉండనక్కర్లేదు, కాబట్టి డబ్బా మూతమీద కోసిన తేదీ రాసి అంటించండి.